ఒకే సమావేశం కబురు: మెయిల్‌లో ఒకలా, వాట్సాప్‌లో ఒకలా, ఎస్సెమ్మెస్‌లో ఇంకోలా అయిపోతోంది. ఎలా రాస్తే మూడూ ఒకటే చెప్తాయి?

ఆఫీసు_రమ
ఒక ప్రైవేటు స్కూల్లో ఆఫీసు పని నాది. ఏ సమావేశం పెట్టినా కబురు మూడు దారుల్లో పంపాలి. ఉద్యోగస్తులకు మెయిల్, ఎక్కువమందికి వాట్సాప్ గ్రూపు, కీప్యాడ్ ఫోన్లున్న పదకొండు మందికి ఆఫీసు ఫోన్ నుంచి ఎస్సెమ్మెస్.

జూన్ 20 సమావేశానికి జరిగింది చెప్తాను. మెయిల్‌లో "10:15 కు హాజరై, 10:30 కు ప్రారంభం" అని రాశాను. వాట్సాప్‌లో అందరూ టైముకి వస్తారని "పదింటికల్లా రండి" అన్నాను. ఎస్సెమ్మెస్‌లో చోటు చాలక "శనివారం 10:30" అని మాత్రమే పెట్టాను. ఒక తాతగారికి ఆ ఎస్సెమ్మెస్‌ను ఇంట్లోవాళ్లు సమావేశం మర్నాడు, ఆదివారం చదివి వినిపించారట. ఆయన తర్వాతి శనివారం, 27న, మనవడి పుస్తకాల సంచీ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. ఆయన ముందు తలెత్తలేకపోయాను.

ఇప్పుడు ఇంకోటి వచ్చింది. 6వ తరగతి సమావేశం జులై 11న అని ముందే చెప్పేశాం. అది రెండో శనివారం, సెలవని తర్వాత చూశారు. 18కి మార్చారు. ఎస్సెమ్మెస్ ఇలా రాశాను:

"6వ తరగతి తల్లిదండ్రుల సమావేశం జులై 11 కాదు, జులై 18 శనివారం ఉ.10:30-12:30, గది 204. వస్తారో లేదో జులై 15 సా.5 లోపు చెప్పండి. -స్కూల్ ఆఫీసు"

ఈసారి తప్పు జరగకూడదు. చూసి చెప్పండి.

బ్యాంకు_పద్మ
అసలు 18కి ఎందుకు మార్చారండీ? రెండో శనివారం, నాలుగో శనివారం మా బ్యాంకులకు సెలవు. మాలాంటి తల్లులకు 11వ తేదీయే బాగుండేది.

ఆఫీసు_రమ
పద్మగారూ, తేదీ నా చేతిలో లేదు. కబురు మాత్రమే నాది.

కీబోర్డు_కిట్టు
ఎస్సెమ్మెస్‌కి 160 అక్షరాలు ఉంటాయి కదా, మీది హాయిగా పడుతుంది. ఇంకా తగ్గించాలంటే "శనివారం" తీసేయండి. తేదీ ఉండగా వారం ఎందుకు?

పంపకాల_ప్రసాద్
కిట్టు, 160 అనేది ఇంగ్లీషు అక్షరాలకు. ఎస్సెమ్మెస్‌లో ఒక్క తెలుగు అక్షరం ఉన్నా లెక్క 70కి పడిపోతుంది. 70 దాటితే ముక్కలవుతుంది. అప్పుడు ముక్కకు 67 చొప్పునే, ముక్కల్ని తిరిగి అతికించే సమాచారానికి కొంత చోటు పోతుంది కాబట్టి. రెండు ముక్కలంటే 134, మూడంటే 201.

రమగారి ఎస్సెమ్మెస్ లెక్కపెట్టాను, 138. నాలుగే నాలుగు ఎక్కువై మూడో ముక్కలోకి పోతోంది.

కీబోర్డు_కిట్టు
నేను వేలు పెట్టి లెక్కపెట్టాను, వంద కూడా రాలేదే?

పంపకాల_ప్రసాద్
మన కంటికి కనపడే అక్షరం వేరు, ఫోను లెక్కపెట్టేది వేరు. "తల్లిదండ్రుల" తీసుకో. మనం త, ల్లి, దం, డ్రు, ల అని ఐదు చదువుతాం. ఫోను ఒత్తుకు ముందు వచ్చే పొల్లునీ, గుణింతం గుర్తునీ, సున్నానీ విడివిడిగా లెక్కేసి 12 అంటుంది. తెలుగులో ఒత్తులున్న మాటలు ఖరీదైనవి. ఇంకో చిన్న మెలిక ఉంది. "స్కూల్‌లో" లాంటి మాట కలవకుండా టైపు చేస్తే మధ్యలో కంటికి కనపడని గుర్తు ఒకటి పడుతుంది, దానికీ ఒక లెక్క.

"శనివారం" మాత్రం తీయొద్దు. ఎనిమిది మిగులుతాయి, నిజమే. కానీ 18 అని కొట్టబోయి 19 కొట్టామనుకో, పక్కన శనివారం ఉంటే చదివినవాళ్లు "19 ఆదివారం కదా" అని ఫోన్ చేస్తారు. తేదీ, వారం ఒకదానికొకటి కాపలా. ఒకటే ఉంటే తప్పును పట్టేవాళ్లుండరు.

తెలుగు_మాస్టారు
ఆ తాతగారి సంగతి చదివాక కిట్టు అడిగినదానికి రెండో వైపు కూడా తెలుస్తుంది. ఆయనకు వెళ్లినదాంట్లో వారం ఉంది, తేదీ లేదు. "శనివారం" అనేది ఏ రోజు చదివితే ఆ రోజు నుంచి లెక్క. "రేపు", "ఎల్లుండి", "ఈ శనివారం", "వచ్చే శనివారం" అన్నీ అంతే. సోమవారం నాడు "వచ్చే శనివారం" అంటే మా ఇంట్లోనే రెండు అర్థాలు. నాకు ఐదు రోజుల తర్వాత, మా ఆవిడకు పన్నెండు రోజుల తర్వాత. నోటితో అన్నప్పుడు ఎదుటివాడు తిరిగి అడుగుతాడు కాబట్టి నడుస్తుంది. రాసిపెట్టిన కబురును ఎప్పుడు చదువుతారో మన చేతిలో లేదు.

గోదారి_బుల్లోడు
ఆ లెక్కన మీ ఇంట్లో పెళ్లికి ముహూర్తం ఎలా పెట్టారు మాస్టారూ 😀

తెలుగు_మాస్టారు
పంతులుగారు తేదీ వేసి రాసిచ్చారు బాబూ, అందుకే ఇద్దరం ఒకే రోజు వెళ్లాం.

డల్లాస్_నాన్న
నా కేసు వినండి. నేను ఇక్కడ, భార్యాపిల్లలు గుంటూరులో. పోయిన ఏడాది పాప టీచర్‌తో వీడియోలో మాట్లాడాలి. "శనివారం ఉదయం 10:30" అని వచ్చింది. నేను నా శనివారం ఉదయం తయారై కూర్చున్నాను. అప్పటికి అక్కడ శనివారం రాత్రి తొమ్మిదయింది. పాప ఏడ్చి పడుకుంది.

రమగారి 18వ తేదీ ఉదయం 10:30 అంటే వేసవి కాలమానంలో డల్లాస్‌కి సరిగ్గా అర్ధరాత్రి 12. శుక్రవారం రాత్రో శనివారమో అర్థం కాని గీత మీద. కాలిఫోర్నియాలో అయితే 17వ తేదీ, శుక్రవారం రాత్రి 10. కాబట్టి మెయిల్‌లో అమెరికా టైము కూడా రాయండి.

ఆఫీసు_రమ
అన్నా, ఇది వీడియో కాదు, గది 204కే రావాలి. కానీ మెయిల్ లిస్టులో బయట దేశాల్లో ఉన్న నాన్నలు నలుగురున్నారు. చూసి ఇంట్లోవాళ్లకు చెప్తారు.

పంపకాల_ప్రసాద్
అలాగైతే అమెరికా టైము కలపకండి రమగారూ. ఒకే కబురులో 17, 18 రెండూ కనపడితే చూసినవాళ్లు ఏదో ఒకటి పట్టుకుని ఇంటికి ఫార్వర్డ్ చేస్తారు. "భారత కాలమానం" అని ఒక్క మాట వేయండి, చాలు. వీడియో ఉన్నప్పుడు ఎవరికి వాళ్ల టైము వాళ్లకు విడిగా పంపాలి.

డల్లాస్_నాన్న
దీంతో నేను ఏకీభవించను. తప్పు టైముకి కూర్చున్నవాడికి తెలుస్తుంది. కనీసం క్యాలెండర్ ఇన్వైట్ జత చేయండి, అది ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి టైము చూపిస్తుంది.

పంపకాల_ప్రసాద్
ఇన్వైట్ మంచిదే. కాకపోతే అది నాలుగో కబురు అవుతుంది. 11వ తేదీకి ముందే ఇన్వైట్ పంపి ఉంటే దాన్ని కూడా మార్చాలి. మెయిల్ 18 అంటుంటే ఫోను 11న పొద్దున్నే గంట కొడుతుంది.

ఆఫీసు_రమ
ఇన్వైట్ పంపలేదు లెండి. మెయిల్ అయితే పాత మెయిల్‌కే రిప్లై కొట్టి తేదీ మారిందని రాయబోతున్నాను.

పంపకాల_ప్రసాద్
అది వద్దండీ! రిప్లై కొడితే పై సబ్జెక్టులో పాత జులై 11 అలాగే ఉంటుంది. చాలామంది సబ్జెక్టు చూసి "ఆఁ, తెలిసిందేగా" అని తెరవరు. తెరిచినా కింద పాత మెయిల్ మొత్తం వేలాడుతుంది. కొత్త మెయిల్, కొత్త సబ్జెక్టు, సబ్జెక్టులోనే 18.

ఇప్పుడు అసలు విషయం. జూన్‌లో మీకు జరిగిన తప్పుకు కారణం చోటు చాలకపోవడం ఒక్కటే కాదు. మీరు మెయిల్ రాసి, దాన్ని చూసి వాట్సాప్ రాసి, దాన్ని చూసి ఎస్సెమ్మెస్ రాశారు. నకలుకు నకలు తీసినట్టు. ప్రతిసారీ కొంచెం జారింది. అలా కాకుండా ముందు ఒక చీటీ రాసుకోండి. వాక్యాలు వద్దు, వాస్తవాలు మాత్రమే:

ఏమిటి: 6వ తరగతి తల్లిదండ్రుల సమావేశం
ఎప్పుడు: జులై 18, శనివారం
ఎన్నింటి నుంచి ఎన్నింటికి: ఉదయం 10:30 నుంచి మధ్యాహ్నం 12:30
ఎక్కడ: గది 204
రద్దయింది: జులై 11
వాళ్లు చేయాల్సింది: వస్తారో లేదో చెప్పాలి, జులై 15 సాయంత్రం 5 లోపు, స్కూలుకు

మూడు కబుర్లూ ఈ చీటీ చూసే రాయాలి. ఒకదాన్ని చూసి ఇంకోటి రాయొద్దు. టైము మారితే ముందు చీటీలో కొట్టేసి మార్చి, ఆ తర్వాతే మూడింటి దగ్గరికీ వెళ్లాలి.

పల్లె_వెన్నెల
టైము విషయంలో నాదో మాట. మా అంగన్‌వాడీలో పదిన్నరకి సమావేశమైతే పదింటికే అని చెప్తాం. మనవాళ్లు ఎలాగూ అరగంట లేటు. రమగారు "పదింటికల్లా" అనడంలో తప్పేముంది?

ఆఫీసు_రమ
వెన్నెలగారూ, నేనూ అలాగే అనుకున్నాను. కానీ కొందరికి వాట్సాప్, మెయిల్ రెండూ వెళ్తాయి. పది అని ఒకచోట, 10:15 అని ఒకచోట చూసి "వీళ్ల టైములు ఇంతే" అని పదకొండింటికి వచ్చారు. నిజంగా పదింటికి వచ్చింది ఎవరో తెలుసా? కూలికి వెళ్లే ఇద్దరు తల్లులు. వాళ్లే అరగంట బెంచీ మీద కూర్చున్నారు.

పల్లె_వెన్నెల
అది బాధాకరమే. మా దగ్గర ఒకటే దారి, అందరికీ నోటితోనే చెప్తాం కాబట్టి మాకు ఆ చిక్కు రాలేదు. నేనైతే మా ఊళ్లో పదనే చెప్తాను.

తెలుగు_మాస్టారు
ప్రసాద్ చీటీలో చివరి గీత నాకు ముఖ్యంగా కనిపించింది. మర్యాద మార్చేటప్పుడు అర్థం కూడా మారిపోతుంటుంది. మెయిల్‌లో "తెలియజేయవలసిందిగా కోరుతున్నాం" అంటాం. వాట్సాప్‌కి వచ్చేసరికి చనువుగా "వీలైతే చెప్పండి" అంటాం. మొదటిదాంట్లో చెప్పి తీరాలి, రెండోదాంట్లో చెప్పకపోయినా ఫర్వాలేదు. తేదీ, గది సరిగ్గా ఉన్నా అవి రెండు వేరువేరు కబుర్లు. వాట్సాప్‌లో "తప్పకుండా చెప్పండి" అంటే చనువూ ఉంటుంది, బలమూ తగ్గదు. "తల్లిదండ్రులు రావాలి" అనేది "మీలో ఒకరు వస్తే చాలు" అయిపోవడం కూడా ఇలాంటిదే.

బ్యాంకు_పద్మ
ఇది మాత్రం నిజం. మా బ్రాంచిలో ఇలాగే అయింది. మీటింగుకి "హాజరు కావలెను" అని మెయిల్, "కుదిరితే రండి" అని గ్రూపులో. రానివాళ్లను ఎందుకు రాలేదని అడిగితే ఫోన్ తీసి గ్రూపు చూపించారు.

ఆఫీసు_రమ
చీటీ చూసి రాశాను. మెయిల్:

సబ్జెక్టు: 6వ తరగతి తల్లిదండ్రుల సమావేశం జులై 18, శనివారానికి మార్పు

"గౌరవనీయులైన తల్లిదండ్రులకు, సంరక్షకులకు నమస్కారం.

6వ తరగతి తల్లిదండ్రుల సమావేశం జులై 18, శనివారం ఉదయం 10:30 నుంచి మధ్యాహ్నం 12:30 వరకు (భారత కాలమానం) గది 204లో జరుగుతుంది. ముందుగా ప్రకటించిన జులై 11 రెండో శనివారం సెలవు కావడంతో ఈ మార్పు చేశాం. ఆ రోజు సమావేశం ఉండదు.

మీరు హాజరయ్యేదీ లేనిదీ జులై 15, బుధవారం సాయంత్రం 5 గంటలలోపు పాఠశాలకు తెలియజేయవలసిందిగా కోరుతున్నాం."

వాట్సాప్:

"అందరికీ నమస్కారం 🙏 6వ తరగతి తల్లిదండ్రుల సమావేశం *జులై 18 శనివారం* ఉదయం 10:30 నుంచి మధ్యాహ్నం 12:30 వరకు, *గది 204*లో. జులై 11న లేదు, ఆ రోజు రెండో శనివారం సెలవు. మీరు వస్తారో లేదో జులై 15 బుధవారం సాయంత్రం 5 లోపు స్కూలుకు తప్పకుండా చెప్పండి."

గోదారి_బుల్లోడు
వాట్సాప్‌లో ఇంత పొడుగ్గా ఎవరు చదువుతారు? నమస్కారం ఒకటి, తేదీ ఒకటి, గది ఒకటి... చిన్న చిన్న మెసేజ్‌లుగా పెట్టండి, చదవడానికి తేలిక.

పంపకాల_ప్రసాద్
స్నేహితులతో అయితే సరే. గ్రూపులో మాత్రం ఎవరైనా ఒక తల్లి తన భర్తకు ఫార్వర్డ్ చేసేటప్పుడు ఐదింట్లో ఒకటే చేస్తుంది. ఆయనకు గది వెళ్తుంది, తేదీ వెళ్లదు. మధ్యలో ఎవరో గుడ్ మార్నింగ్ పూలు పెడితే తేదీ పైకి ఎక్కిపోతుంది. ఒకే మెసేజ్‌లో అన్నీ ఉండాలి.

వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ని 15 నిమిషాల వరకే దిద్దగలం. ఆ లోపు దిద్దినా, అప్పటికే ఫార్వర్డ్ అయిన నకలు మారదు. అందుకే తప్పు పడితే మౌనంగా దిద్దకుండా "పై మెసేజ్‌లో టైము తప్పు, సరైనది ఇది" అని మొత్తం మళ్లీ పంపడం నయం. సరైనది గ్రూపులో పిన్ చేయండి. 7 రోజులు పెట్టుకుంటే మధ్యలో పోతుంది, 30 రోజులు ఎంచుకోండి.

ఎస్సెమ్మెస్‌లో ఒకటి మార్చాలి. "11 కాదు, 18" అంటే మొదట కంటికి తగిలేది 11. కీప్యాడ్ ఫోన్ తెర మీద పట్టేది రెండు మూడు వరుసలు. పాత తేదీ వెనక్కి నెట్టి, సంతకం తీసి, ఎవరికి చెప్పాలో చేర్చాను:

"6వ తరగతి తల్లిదండ్రుల సమావేశం జులై 18 శనివారం ఉ.10:30-12:30, గది 204. జులై 11న లేదు. వస్తారో లేదో జులై 15 సా.5 లోపు స్కూలుకు చెప్పండి."

సరిగ్గా 134. రెండు ముక్కలు నిండుగా. ఇక ఒక్క చుక్క కూడా పట్టదు.

కీబోర్డు_కిట్టు
రెండు ముక్కలైనా మూడైనా పదకొండు మందికే కదా, డబ్బులు ఎంతని?

పంపకాల_ప్రసాద్
పదకొండు మందికి డబ్బు సమస్య కాదు. పాత ఫోన్లలో ముక్కలు సరిగ్గా అతకవు, ఒక్కోసారి రెండోది ముందు వస్తుంది. ముక్కలు తగ్గితే ఆ ప్రమాదం తగ్గుతుంది. కొన్ని కీప్యాడ్ ఫోన్లలో తెలుగు రాదు, డబ్బాలు కనపడతాయి. రమగారూ, ముందు ఒక పరీక్ష మెసేజ్ పంపి ఎవరెవరికి డబ్బాలు వచ్చాయో కనుక్కోండి. వాళ్లకు ఫోన్ చేసి ఇదే చీటీ చదివి వినిపించడమే.

బల్క్ సర్వీసుతో వందలమందికి పంపేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. మాటలు ముందే రిజిస్టర్ చేయించాలి, మార్చుకోగలిగింది ఖాళీలు మాత్రమే:

```
____ తరగతి సమావేశం ____న జరుగును.
```

ఇందులో "జులై 11న లేదు" అని చేర్చితే మెసేజ్ కదలదు. తేదీ మార్పుకు విడిగా ఇంకో నమూనా ముందే రిజిస్టర్ చేసి ఉంచుకోవాలి. మా దగ్గర అది లేక, ఒకసారి కొత్త తేదీ మాత్రమే వెళ్లింది, పాతది రద్దని ఎవరికీ తెలియలేదు. రెండు రోజులూ జనం వచ్చారు.

అమ్మమ్మ_ఊరు
నేను మనవరాలిని చూసుకుంటున్న అమ్మమ్మను. గది 204 అంటే పై అంతస్తా? మెట్లెక్కాలా? మా స్కూల్లో అలాగే గది నంబరు మాత్రం పంపారు. వెళ్లాక రెండు అంతస్తులు, లిఫ్ట్ లేదు. మోకాళ్లతో ఎక్కలేక కిందే కూర్చుని వచ్చేశాను. ముందే తెలిస్తే మా అబ్బాయిని పంపేదాన్ని.

ఆఫీసు_రమ
అమ్మా, మాదీ రెండో అంతస్తే. లిఫ్ట్ లేదు. ఇది మూడింట్లోనూ లేదు. నాకు తట్టనే లేదు.

పంపకాల_ప్రసాద్
మెయిల్‌లో, వాట్సాప్‌లో చేర్చండి. ఎస్సెమ్మెస్‌లో పట్టదు. గది నంబరు ఉంది కాబట్టి అబద్ధమైతే కాదు.

తెలుగు_మాస్టారు
ప్రసాద్, ఇక్కడ నేను ఒప్పుకోను. సెలవు కారణం ఎస్సెమ్మెస్‌లో లేకపోయినా ఎవరూ తప్పు చోటికి వెళ్లరు. మెట్ల సంగతి అలా కాదు, ఎవరు రావాలో అదే నిర్ణయిస్తుంది. పైగా ఎస్సెమ్మెస్ వెళ్లేదే పెద్దవాళ్లకు.

పంపకాల_ప్రసాద్
మీరన్నదాంట్లో న్యాయం ఉంది. కానీ అలా చేర్చుకుంటూ పోతే ఎక్కడ ఆపాలి? పార్కింగ్, తాగునీళ్లు...

అమ్మమ్మ_ఊరు
తాగునీళ్లు సీసాలో తెచ్చుకుంటాను నాయనా. మెట్లు తెచ్చుకోలేను.

ఆఫీసు_రమ
ఒక పరీక్ష చేశాను. మా ఆయమ్మకు ఎస్సెమ్మెస్ మాత్రమే చూపించి, ఖాళీ చీటీ ఇచ్చి నింపమన్నాను. గది రాసింది, టైము రాసింది. "ఎప్పుడు" దగ్గర ఆగిపోయి "18ఆ 15ఆ?" అంది. ఒకే మెసేజ్‌లో 18, 11, 15, మూడు తేదీలున్నాయి. నేను రాసినప్పుడు నాకు తెలుసు కాబట్టి తికమక కనపడలేదు.

అందుకే రెండుగా విడగొట్టాను. మొదటిది "జులై 11న లేదు." దగ్గర ఆపాను. రెండోది విడిగా:

"6వ తరగతి సమావేశానికి వస్తారో లేదో జులై 15 సా.5 లోపు స్కూలుకు చెప్పండి."

ప్రసాద్ గారూ, లెక్క సరేనా?

పంపకాల_ప్రసాద్
రెండోది సరిగ్గా 70, ఒకే ముక్క. మొదటిది 84, రెండు ముక్కలు. మొత్తం మూడు అయ్యాయి, నేను తగ్గించిందంతా మళ్లీ వచ్చింది. అయినా ఆయమ్మ ఆగిపోయిందంటే నేను వాదించను. మొదటి దాంట్లో ఇంకా 50 చోటు ఉంది చూడండి. చివర "2వ అంతస్తు, లిఫ్ట్ లేదు." అని పెట్టినా రెండు ముక్కల్లోనే ఉంటుంది.

కీబోర్డు_కిట్టు
రెండు మెసేజ్‌లంటే ఒకటి చదివి ఒకటి వదిలేస్తారు కదా? గోదారికి ఐదు ముక్కలు వద్దని చెప్పి, ఇక్కడ రెండు చేశారేం?

తెలుగు_మాస్టారు
మంచి ప్రశ్న. నా దగ్గర పూర్తి జవాబు లేదు. మొదటిది ఒక్కటే చదివినా మనిషి సరైన రోజు సరైన గదికి వస్తాడు. రెండోది ఒక్కటే చదివితే సమావేశం ఎప్పుడో స్కూలుకు ఫోన్ చేసి అడుగుతాడు.

ఆఫీసు_రమ
మెట్ల మాట మూడింట్లోనూ చేర్చాను. కొత్త ఎస్సెమ్మెస్‌తో ఆయమ్మ చీటీ మొత్తం నింపింది. పరీక్ష మెసేజ్ పంపితే ఇద్దరికి డబ్బాలు వచ్చాయి. వాళ్లకు, ఆ తాతగారికి నేనే ఫోన్ చేశాను. తాతగారు తేదీ రెండుసార్లు చెప్పించుకుని, గోడ మీద క్యాలెండర్లో గీత పెట్టుకున్నానన్నారు. తర్వాత అడిగారు: "రెండో అంతస్తా అమ్మా? ఆ గదేదో కింద పెట్టించరాదూ?" రేపు ప్రిన్సిపాల్‌గారిని అడుగుతాను. గది మారితే చీటీ నుంచి మళ్లీ మొదలు.